జోతిమణి నిద్రపోయింది

జోతిమణిని మిల్లుగోడ కాలనీలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. "లెక్కల్లో పడిపోయిన పిళ్ళ" అంటారు. కోయంబత్తూరులో మూతపడిన పాత నూలుమిల్లు వెనక, మూడు వరసల రేకుల ఇళ్ళ కాలనీ అది. తాతల తాతల కాలం నుంచి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. వాళ్ళ తెలుగులో పిల్లకి 'పిళ్ళ', అవునుకి 'ఆమా', నొక్కి చెప్పడానికి 'దా'. తెల్లారకముందే ఊరంతా ఊడ్చి వచ్చేది ఆ ఇళ్ళ వాళ్ళే. ఊరు మాత్రం ఆ వీధిలోకి ఆటో కూడా రానివ్వదు. మలుపు దగ్గరే దిగిపొమ్మంటుంది.

జోతిమణి పదో తరగతిలో అన్ని సబ్జెక్టులూ పాసయ్యింది, లెక్కలు తప్ప. మొదటిసారి మార్కులు చాలక పోయింది. రెండోసారి పరీక్ష హాల్లోనే పోయింది. వేళ్ళు కొంకర్లు పోయి, ఊపిరాడక, బెంచీ మీద వాలిపోతే ఇద్దరు ఆయాలు రెక్కలు పట్టుకుని బయట కూర్చోబెట్టారు. తెల్ల కాగితం తెల్లగానే ఉండిపోయింది. ఆ సంగతి ఆమె ఇల్లు చేరకముందే కాలనీ చేరింది.

ఇది మూడోసారి. పాసైతే ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సుకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కాకపోతే చీపురు. ఆ చీపురు కూడా ఎక్కడో లేదు, తలుపు దగ్గరే నిలబడి ఉంది. పట్టుకుని నిలబడింది జెబమలర్.

జెబమలర్ జోతిమణికి మేనత్త. చచ్చిపోయిన తండ్రికి అక్క. రెండు పెత్తనాలు ఆమెవే. పొద్దున ఊడ్చే ఆడవాళ్ళ గుంపుకి మేస్త్రి: మస్టర్‌లో, అంటే పొద్దుటి హాజరులో, ఎవరు నిలబడాలో, ఎవరు రోడ్డు ఊడవాలో, ఎవరు సాక్కడ మురుగు కాలువలోకి దిగాలో ఆమె నోటి మాట. సాయంత్రం కాలనీ జెబక్కూటానికి పెద్ద: ఎవరి కోసం ఎప్పుడు ప్రార్థన చెయ్యాలో అదీ ఆమె నోటి మాటే. జోతిమణి తల్లి సెల్లాయి ఆ గుంపులోనే ఊడుస్తుంది. సెల్లాయి గోడకి మారియమ్మ పటమూ ఉంది, జెబమలర్ ఇచ్చిన బైబిలు వాక్యాల క్యాలెండరూ ఉంది. ఆడబిడ్డ ఇచ్చింది గోడ మీద లేకపోతే మర్నాడు కాలువే.

పరీక్షకి వారం ఉందనగా జెబమలర్ వచ్చి గుమ్మంలోనే కూర్చుంది.

"ఏ పిళ్ళా, వచ్చే సోమవారం దా పరీట్చ?"

"ఆమా అత్తా."

"ఆదివారం రాత్రంతా జెబం పెట్టినాను, నీ కోసరం దా. ఆ పొద్దు తిండి లేదు, నిద్ర లేదు. మా కూతురు జెనిఫర్ అట్ల దా పాసయ్యింది."

సెల్లాయి లోపలి నుంచి, "పోయిన తడవ కూడా కూర్చునింది కదా వదినా," అంది మెల్లగా.

"కూర్చునింది. కండ్లు మూసుకోని లెక్కలు చేస్తా ఉండింది మనసులో. నేను చూసినాను! విశ్వాసం లేదు. విశ్వాసం లేనోళ్ళకి దేవుడు చెయ్యి వంచేస్తాడు. వంచినాడు గదా, చూసినాం గదా ఊరంతా?" జెబమలర్ లేచింది. "ఈ తడవ కూడా హాల్లో పడిపోతే మంగళవారం మస్టర్‌కి వచ్చెయ్. ఒక చోటు పట్టి పెట్టినాను. నీ కోసరం ఎన్నాళ్ళు కావలి కాస్తాను?"

ఆమె వెళ్ళాక అన్న కదిరవన్ ఫోన్‌లో ఆట ఆపకుండానే నవ్వాడు. "అత్త సరిగా దా చెప్పింది. నీకి చీపురు పట్టను తెలుసు. కాంపస్సు పట్టను తెలీదు."

ఆ మధ్యాహ్నం జోతిమణి పుస్తకం తెరిచింది. గుర్తున్నవన్నీ ఉన్నట్టే ఉన్నాయి. ఒక్క లెక్క దగ్గర అడుగు తప్పింది. అంతే, గుండె దడదడమంది. గాలి చాలడం లేదనిపించి గబగబా పీల్చింది. పీల్చేకొద్దీ ఇంకా చాలలేదు. పెదాల చుట్టూ చీమలు పాకాయి. వేళ్ళు తిమ్మిరెక్కి, చేతులు పక్షి కాళ్ళలా ముడుచుకుపోయాయి. గుండె ఆగిపోతోందనుకుంది. తల్లి భుజం పట్టుకుని నగర ఆరోగ్య కేంద్రానికి నడిచింది.

అక్కడ వరసలో కూర్చున్నంతసేపూ అటెండరు అడిగిందే అడిగాడు. "కాలనీయా? కాలనీ వాళ్ళకి ఇంకో రోజు కదా క్యాంపు?" ఇంకో రోజు ఏ క్యాంపూ లేదు. అది వాడి నోటి అలవాటు. డాక్టరు చూశాడు, నాడి పట్టాడు, ఈసీజీ తీయించాడు. గుండె బాగానే ఉందని కాగితం మీద గీత కొట్టి పక్క గదికి పంపాడు.

పక్క గదిలో నర్సు మేనక. ఒట్టన్‌చత్రం పక్క పల్లెలో ఆమె ఇంటివాళ్ళకి నల్లరేగడి పొలం ఉంది. మార్కెట్‌కి మునగ, ఉల్లి పంపే నాయుళ్ళ కుటుంబం. ఆమె కూడా తెలుగు ఇంటి మనిషే. సెల్లాయి, జోతిమణి తమలో తాము మాట్లాడుకోవడం విని, "మీరు కూడా మన మాటేనా? మాది ఒట్టన్‌చత్రం పక్క, నాయుళ్ళం," అంది.

జోతిమణికి ఒళ్ళు మండింది. గుండె నొప్పి అని వచ్చింది గదా, ఆ మంట కూడా అందులో కలిసిపోయింది.

"మాట ఒకటే సిస్టర్. గ్లాసు వేరే. మా అమ్మమ్మ మీ పక్క పొలాల్లో దా కలుపు తీసింది. దోసిలి పట్టమని, చెంబు ఎత్తి పోసినారు నీళ్ళు."

సెల్లాయి కూతురి తొడ మీద గిల్లింది. మేనక ముఖం ఎర్రబడింది. "ఆమా. మా అవ్వ పోసుంటాది," అంది. "తప్పు. అది తప్పు కాదని నేను చెప్పను. ఇప్పుడు చెయ్యి చూపించు. వేళ్ళు ఎప్పటినుంచి ఇట్ల అవుతా ఉండాయి?"

మెత్తటి మనిషి కాదు మేనక. ప్రశ్న మీద ప్రశ్న. ఏం తిన్నావు, ఎప్పుడు పడుకున్నావు, ఎన్ని టీలు తాగావు, పోయిన పరీక్ష ముందు రాత్రి ఏం చేశావు. జోతిమణి కసిగానే జవాబు చెప్పింది. ఉపవాసం. రాత్రంతా జెబం. మేలుకోవడానికి జెబమలర్ అత్త పోసిన కరుకు టీ. తెల్లారి అట్లానే బస్సెక్కి హాలుకి.

"తిండి లేదు, నిద్ర లేదు, కడుపునిండా టీ. దాని మీద భయం." మేనక చేతిలో పెన్ను బల్ల మీద కొట్టింది. "భయం వస్తే మూచ్చు, అదే ఊపిరి, వేగంగా వస్తాది. ఎక్కువ మూచ్చు తీస్తే లోపల ఉండాల్సిన గాలి ఒకటి ఎక్కువగా బయటికి పోతాది. దాంతో దా పెదాలు, వేళ్ళు తిమ్మిరి పట్టేది, తల తిరిగేది. నీకి గాలి చాలక కాదు, పిళ్ళా. ఎక్కువై."

"మా అత్త విశ్వాసం లేక అనింది."

"మీ అత్త విశ్వాసం మీ అత్త దగ్గర ఉండనీ. నీ నిద్ర నీ దగ్గర ఉండాల."

అప్పుడు ఊపిరి నేర్పింది. ఒక చెయ్యి పొట్ట మీద, ఒకటి రొమ్ము మీద. ముక్కుతో మెల్లగా లోపలికి, నాలుగు లెక్కపెట్టేదాకా. పొట్ట చెయ్యి లేవాలి, రొమ్ము చెయ్యి లేవకూడదు. తర్వాత ఆరు లెక్కపెట్టేదాకా బయటికి, వేడి సాంబారు ఊదినట్టు. జోతిమణి బలంగా, రొమ్ము పొంగేలా, కసిగా పీల్చింది. తల గిర్రున తిరిగింది.

"చూసినావా సిస్టర్, ఇది కూడా అంతే! మీ వైద్యం కూడా మా అత్త జెబం మాదిరి దా!"

"ఎవరు నిన్ను పంపు కొట్టమనింది?" మేనక గొంతు పెంచింది. "పెద్దగా కాదు, మెల్లగా. లోపలికి పీల్చింది కంటే బయటికి వదిలేది పొడుగు. కష్టం అనిపిస్తే లెక్క తగ్గించుకో. పట్టి ఆపొద్దు."

రెండోసారి కాస్త కుదిరింది. నాలుగోసారికి వేళ్ళు విప్పుకున్నాయి. జోతిమణి తన వేళ్ళనే అపనమ్మకంగా చూసుకుంది, అవి వేరే ఎవరివో అన్నట్టు.

"భయం వచ్చినప్పుడు మాత్రం చేస్తే కుదరదు," అంది మేనక. "భయం లేనప్పుడు చెయ్యి. పొద్దున, మధ్యాన్నం, పడుకునే ముందు. ఒంటికి అలవాటు పడాల. అప్పుడు హాల్లో పిలిస్తే వస్తాది. ఇంట్లో సాకని కుక్క వీధిలో పిలిస్తే వస్తాదా?"

సెల్లాయి మొదటిసారి నోరు తెరిచింది. "నిద్ర అంటారు. మా ఇల్లు ఒకటే రూము. టీవీ ఉండాది, వీడి ఫోను ఉండాది. నేను నాలుగున్నరకి లేస్తాను మస్టర్‌కి. ఏడ నిద్రపోతాది ఇది?"

మేనక ఆలోచించింది. "మీరు ఎప్పుడు పడుకుంటారు?"

"తొమ్మిదికి. లేకపోతే పొద్దున చీపురు మీద పడతాను."

"అయితే అదే. అమ్మతో పడుకో, అమ్మతో లే. రోజూ అదే టైము. మధ్యాన్నం దాటితే టీ లేదు. ఫోను పక్కలో వద్దు. చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలో దా. రాత్రంతా మేలుకోని చదివేది ఓటి కుండలో నీళ్ళు పోసేది."

ఆఖరికి ఆమె చదువు సంగతికి వచ్చింది. జోతిమణి పుస్తకం మొత్తం, మొదటి అట్ట నుంచి చివరి అట్ట దాకా, ఈ వారంలో చదవాలనుకుంటోంది. మేనక విసుక్కుంది. "పాసుకి ముప్పై అయిదు గదా? నీకి వచ్చింది ఏంది, అది చెప్పు." వచ్చింది గ్రాఫు. కాంపస్సు, స్కేలు పెట్టి గీసే జామెట్రీ. రెండూ కలిపి పదహారు మార్కులు. పాఠాల చివర ఉండే ఒక మార్కు ప్రశ్నలు సగం. మాట్రిక్స్, సెట్లు. "అవి దా నీ పరీట్చ. వచ్చింది గట్టి చెయ్యి. అరకొరగా వచ్చేది రెండు పాఠాలు చేర్చుకో. తెలీని దాన్ని ఈ వారం ముట్టొద్దు. చదివేది కాదు, పుస్తకం మూసి రాసి చూసేది. ఆదివారం కొత్తది ఏమీ లేదు."

బయటికి వస్తూ సెల్లాయి, "ఆ మాటేంది నువ్వు అనింది, చెంబు, దోసిలి అని?" అని మళ్ళీ గిల్లింది.

"నిజం దా గదమ్మా."

"నిజం దా. మందు ఇచ్చేదాకా ఆగి చెప్పరాదా?"

ఆ వారం జోతిమణి ఇంట్లో జరిగింది చదువు కాదు, యుద్ధం. మొదటి రాత్రి తొమ్మిదికి ఆమె లేచి టీవీ ఆపింది. కదిరవన్ చెత్త బండి డ్రైవరు. పగలంతా కంపు పీల్చి వచ్చిన మనిషి, రాత్రి ఒక్క ఆట చూడకపోతే వాడికి రోజు ముగిసినట్టు ఉండదు. అది జోతిమణికి తెలుసు. అయినా ఆపింది.

"ఆపెయ్, ప్లగ్గు పీకేసి పో! కలెక్టరమ్మ పడుకోవాలంట!"

"ఆమా, పడుకోవాల. నువ్వు చూడాలంటే నీ జతగాడు పాండియన్ ఇంట్లో పోయి చూడు."

"ఇది నా ఇల్లు కూడా!"

"ఇల్లు నీది. నిద్ర నాది."

సెల్లాయి అప్పటికే గోడ వైపు తిరిగి ముసుగు తన్నింది. కదిరవన్ చెప్పులు టకటకలాడించుకుంటూ పాండియన్ ఇంటికి పోయాడు. పోతూ పోతూ వీధి వినేలా ఒక మాట అన్నాడు. అది రాయను.

మొదటి రాత్రి నిద్ర రాలేదు. కళ్ళు మూస్తే ఆ తెల్ల కాగితమే. గడియారం చూసింది. మళ్ళీ చూసింది. చూసిన ప్రతిసారీ నిద్ర ఇంకాస్త దూరం పోయింది. మర్నాడు తల్లి కాలి పుండుకి మందు కోసం ఆమె వెంట ఆరోగ్య కేంద్రానికి పోయినప్పుడు మేనకని నిలదీసింది. "నీ నిద్ర రాలేదు సిస్టర్."

"గడియారం తిప్పి పెట్టు. నిద్రని పట్టుకోని లాగితే రాదు. పొట్ట మీద చెయ్యి పెట్టి ఊపిరి వదులు, అంతే. చాలా సేపు రాకపోతే లేచి చీకట్లో కూర్చో, కండ్లు బరువైతే పడుకో. పొద్దున మాత్రం అదే టైముకి లే. పగలు పడుకోవద్దు."

మూడో రాత్రికి ఒళ్ళు దారికి వచ్చింది. తల్లి లేచి పొయ్యి వెలిగించే వేళకి తనూ లేచేది. మస్టర్‌కి పోయే ఆడవాళ్ళు చీకట్లో చీపుర్లు భుజాన వేసుకుని వెళుతూ, దీపం కింద గ్రాఫు గీస్తున్న ఆమెని చూసి నవ్వేవాళ్ళు. "ఏ సెల్లాయీ, నీ కూతురు కూడా మన టైముకే లేస్తా ఉండాది. అట్లే చీపురు చేతికి ఇచ్చెయ్!" నాగమ్మాళ్ అనే ముసలామె మాత్రం నవ్వలేదు. "చదవనీండే. చూపు ఉన్నప్పుడు దా చదవాల," అని కసిరి ముందుకు పోయింది.

ఉదయం జామెట్రీ, గ్రాఫు. మధ్యాహ్నం మాట్రిక్స్, సెట్లు. సాయంత్రం ఒక మార్కు ప్రశ్నలు. మధ్యలో ఊపిరి. ఒక లెక్క తప్పినప్పుడు గుండె అదే పనిగా పరిగెత్తేది. ఆమె పెన్ను కింద పెట్టి, పాదాలు నేలకి ఆనించి, మెల్లగా వదిలేది. భయం పోయేది కాదు. దాని మెడ మాత్రం వంగేది. శుక్రవారం పాత ప్రశ్నపత్రం ఒకటి, పరీక్ష టైములోనే, గుమ్మం వైపు వీపు పెట్టి కూర్చుని రాసింది. దిద్దుకుంటే నలభై రెండు. నమ్మక మళ్ళీ దిద్దుకుంది.

ఆదివారం పొద్దు గూకకముందే జెబమలర్ వచ్చింది. ఒంటరిగా కాదు. బంగారు, కమలం, ఇంకో నలుగురు ఆడవాళ్ళు, తెల్ల చీరలు, చేతుల్లో జెబపుస్తకాలు. జోతిమణి అప్పుడే అన్నం తింటోంది. కంచంలో చారు, గుడ్డు.

జెబమలర్ కంచం చూసింది. "ఉపవాసం అని చెప్పినాను గదా."

"నేను ఒప్పుకోలేదు అత్తా."

"లే. చెయ్యి కడుక్కో. జెబం మొదలు పెట్టాల."

"నేను రాను. తొమ్మిదికి పడుకుంటాను."

వీధి మొత్తం గుమ్మంలోకి వచ్చేసింది. జెబమలర్ గొంతు పెద్దది. మస్టర్‌లో మైకు లేకుండా యాభైమందిని అదిలించే గొంతు. "పడుకుంటాదంట! మేము పనికి పోయే మనుషులం, పొద్దునంతా ఊడ్చి వచ్చి, దీని కోసరం రాత్రి నిద్ర పాడు చేసుకుంటా ఉంటే, ఇది పడుకుంటాదంట! దేవునికి టైంటేబులు వేస్తావా పిళ్ళా?"

"దేవునికి కాదు. నాకి వేసుకున్నాను."

"ఎవరు నేర్పించినారు ఇంత నోరు? ఆ నాయుళ్ళ నర్సా? పోయిన తరంలో మనకి చెంబు ఎత్తి నీళ్ళు పోసినోళ్ళు, ఇప్పుడు జెబం వద్దని చెప్పేదానికి వచ్చినారా?"

ఆ మాట జోతిమణికి గట్టిగానే తగిలింది. ఎందుకంటే అది తన మాటే. గుండె ఎగిరింది, పెదాలకి చీమలు పట్టాయి. అందరి ముందూ చెయ్యి పొట్ట మీద పెట్టుకోవడానికి సిగ్గేసింది. పెట్టుకుంది. వదిలింది. మళ్ళీ వదిలింది.

"చూడండే, మంత్రం వేస్తా ఉండాది!" అంది కమలం.

"జెబం వద్దని సిస్టర్ చెప్పలేదు అత్తా," అంది జోతిమణి. "చెంబు పోసింది వాళ్ళ తప్పు. అది నేను మొహం మీద దా చెప్పినాను. కానీ పోయిన తడవ నన్ను ఆకలితో, నిద్ర లేకుండా హాలుకి పంపింది మీరు. దాని పేరు విశ్వాసం అని పెట్టి, పోయినాక నాకి విశ్వాసం లేదు అనింది కూడా మీరే. మీరు జెబం చెయ్యండి. నా కోసరం చేస్తే సంతోషం దా. నేను మాత్రం నిద్రపోవాల."

వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. అది జెబమలర్‌కి నిప్పు మీద నెయ్యి. ఆమె సెల్లాయి వైపు తిరిగింది.

"సెల్లాయీ. నీ కూతురు ఇప్పుడు లేచి రాకపోతే, రేపటినుంచి నువ్వు రోడ్డు కాదు. సాక్కడ."

అందరూ సెల్లాయి వైపు చూశారు. సాక్కడ అంటే మోకాలి లోతు మురుగు. సెల్లాయి కాలికి పాత పుండు. ఆ నీళ్ళు తగిలితే అది మానదని ఊరికి తెలుసు. జెబమలర్‌కి ఇంకా బాగా తెలుసు.

సెల్లాయి కూతుర్ని చూసింది. ఆ చూపులో ప్రేమ లేదు, తిట్టు ఉంది. "నీ పరీట్చ పాడుగాను," అంది. "నీ కోసరం నేను సాక్కడలో దిగాల." తర్వాత ఆడబిడ్డతో, "దిగుతాను పో వదినా. పిళ్ళ తింటా ఉండాది. అన్నం ముందర నిలబడకండి," అని తలుపు వేసేసింది.

రేకు తలుపు అవతల జెబమలర్ అన్న మాటలు చాలాసేపు ఆగలేదు.

జోతిమణి కంచం పక్కన పెట్టబోయింది. "తిను," అంది సెల్లాయి. "నా కాలు అమ్మి కొన్న గుడ్డు అది. వదిలితే చంపేస్తాను."

హాల్ టికెట్టు, రెండు పెన్నులు, కాంపస్సు, స్కేలు సంచిలో పెట్టుకుంది. తొమ్మిదికి దీపం ఆపింది. కదిరవన్ ఆ రాత్రి తనంతట తానే పాండియన్ ఇంటికి పోయాడు. చెల్లెలి మీద జాలితో కాదు, అత్త తనని కూడా తిడుతుందని. మూడిళ్ళ అవతల జెబం మైకులో మొదలయ్యింది. పాటల మధ్య జోతిమణి పేరు వినబడుతూనే ఉంది: గర్వం పట్టిన ఈ పిళ్ళ మనసు మార్చు ప్రభువా, పెద్దల మాట వినని ఈ పిళ్ళని వంచు ప్రభువా. పేరు వినబడిన ప్రతిసారీ ఆమె ఉలిక్కిపడేది. ముందు రోజే ఆరోగ్య కేంద్రంలో మేనక చెప్పి ఉంది: వారమంతా నిద్రపోయినావు గదా, ఆఖరి రాత్రి కొంచెం తగ్గినా ఏమీ కాదు, కండ్లు మూసి పడుకోని ఉంటే అదీ విశ్రాంతే. దూది ముక్కలు చెవిలో పెట్టుకుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని, తనని వంచమని వేడుకుంటున్న ఆ మైకు చప్పుడులోనే జోతిమణి నిద్రపోయింది.

తెల్లారి సెల్లాయి మస్టర్‌కి పోయింది. జోతిమణి ఇడ్లీలు రెండు తిని బస్సెక్కింది.

ప్రైవేటుగా రాసే వాళ్ళకి ఇచ్చిన బడి ఊరి అవతల. గేటు దగ్గర అందరి చేతుల్లో పుస్తకాలు, ఆఖరి నిమిషం అరుపులు. ఒక అబ్బాయి, "త్రికోణమితి రెండో సూత్రం చదివినావా?" అని తమిళంలో అడిగాడు. ఆమె చెవులు మూసుకుని గోడ పక్కకి పోయి నిలబడింది. హాల్లో ఇన్విజిలేటరు హాల్ టికెట్టు తిప్పి చూసి, "ప్రైవేటా? ఇది ఎన్నోసారి?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు కూడా. అటువంటి ప్రశ్నలకి జవాబు అక్కర్లేదు.

ప్రశ్నపత్రం ఇచ్చారు. చదువుకోవడానికి పావుగంట. మొదటి ఒక మార్కు ప్రశ్నే తెలియలేదు. రెండోది తెలిసినట్టే ఉండి జారిపోయింది. అదిగో, వచ్చింది. పెదాల చుట్టూ చీమలు. వేళ్ళ చివర్లు చల్లబడ్డాయి. పక్క బెంచీలు దూరం జరిగిపోయాయి. పోయినసారి ఇక్కడే, సరిగ్గా ఇక్కడే, ఆమె గాలి కోసం ఎగబడింది.

ఈసారి ఎగబడలేదు. పేపరు బోర్లా పెట్టింది. చెప్పులు విడిచి పాదాలు చల్లటి నేల మీద ఆనించింది. పొట్ట మీద చెయ్యి. మెల్లగా లోపలికి. ఇంకా మెల్లగా బయటికి.

"ఏయ్, నిద్రా?" ఇన్విజిలేటరు బెత్తంతో బల్ల తట్టాడు. ముందు బెంచీ వాళ్ళు వెనక్కి తిరిగి నవ్వారు.

"లేదు సార్," అంది. ఇంకో ఊపిరి వదిలే దాకా పేపరు తిప్పలేదు. అతను ఏదో గొణుక్కుంటూ పోయాడు. చీమలు పూర్తిగా పోలేదు. వేళ్ళు మాత్రం ముడుచుకోలేదు. ఆమె మొదటి పేజీ వదిలేసి చివరి పేజీ తిప్పింది. గ్రాఫు ఉంది. పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టింది. జామెట్రీ ఉంది. ఇంకో గీత. మాట్రిక్స్ ఉంది. చదివే పావుగంట అయ్యేసరికి పేపరు నిండా తనకి తెలిసిన వాటి గీతలు. తెలియనివి వాటి మధ్య పలచగా కనిపించాయి.

బెల్లు కొట్టగానే గ్రాఫుతో మొదలుపెట్టింది. అక్షాలు గీసింది. బిందువులు పెట్టి కలిపింది. మధ్యలో ఇంకోసారి, రెండు మార్కుల లెక్క దగ్గర, భయం మెడ ఎత్తింది. ఆ లెక్క వదిలేసి పక్కదానికి పోయింది. మొదటి ఒక మార్కు ప్రశ్నకి చివరిలో తిరిగి వచ్చి, తెలియకపోయినా ఒక జవాబు రాసింది. మూడు గంటలూ కూర్చుంది. తొందరగా ఇచ్చేసి బయటికి పరిగెత్తిన వాళ్ళని చూసి లేవలేదు.

ఆ సాయంత్రం సెల్లాయి మోకాలి దాకా నల్లగా ఇంటికొచ్చింది. మొదటి రోజే దింపేసింది జెబమలర్, అన్న మాట తప్పని మనిషి. కూతురు వేడినీళ్ళు పెట్టి కాలు కడిగింది. పుండు అంచులు అప్పటికే వాచాయి. కడిగి, మేనక ఇచ్చిన మందు పూసి, గుడ్డ కట్టింది. మర్నాడు నాగమ్మాళ్ ఒక్కతే మస్టర్‌లో నోరెత్తింది: "పుండు కాలుతో సాక్కడేంది? రాసివ్వండి ఎవరు పంపినారో." ఎవరూ రాసివ్వలేదు. మూడో రోజుకి సెల్లాయి మళ్ళీ రోడ్డు మీదకి వచ్చింది. జెబమలర్ క్షమించి కాదు. రాసివ్వమన్న మాట పై ఆఫీసు దాకా పోతుందని భయపడి.

కొన్ని వారాలకి ఫలితం ఫోనుకి వచ్చింది. లెక్కలు నలభై నాలుగు.

ఆ సాయంత్రమే జెబమలర్ వీధి మధ్యలో నిలబడి చేతులెత్తింది. "చూసినారా! రాత్రంతా మేము మేలుకున్నాం గదా! దాని గర్వాన్ని కూడా లెక్క చెయ్యకుండా దేవుడు పాస్ చేసినాడు!" తర్వాత జోతిమణి గుమ్మం దగ్గరికి వచ్చింది. గొంతు మెత్తబడింది, చూపు మెత్తబడలేదు. "ఆదివారం జెబంలో లేచి సాక్షి చెప్పు. మా జెబంతో దా పాసయ్యాను అని. మీ అమ్మకి మంచి రోడ్డు ఇస్తాను. నీడ ఉండే రోడ్డు."

సెల్లాయి కాలు చూసుకుంటూ కూర్చుంది. ఈసారి కూతురి మీద తిట్టు కూడా లేదు, నిర్ణయం ఆమెకే వదిలేసింది.

"వస్తాను అత్తా," అంది జోతిమణి.

ఆదివారం జెబంలో ఆమె లేచి నిలబడింది. తెల్ల చీరలన్నీ తన వైపే. జెబమలర్ మైకు చేతికిచ్చి, "చెప్పు," అంది. ముందు వరసలో వచ్చే ఏడు పది రాసే పిల్లలు నలుగురు, వాళ్ళ తల్లులు పక్కన.

"నేను పరీట్చకి ముందు వారం రోజూ తొమ్మిదికి పడుకున్నాను," అంది జోతిమణి మైకులో. "ఆ రాత్రి మీరు మేలుకున్నారు. నా పేరు చెప్పి దేవుణ్ణి అడిగినారు. దానికి దండం. కానీ నేను నిద్రపోయాను. కడుపునిండా తిని పోయాను. భయం వచ్చినప్పుడు ఊపిరి మెల్లగా వదిలి, తెలిసింది ముందు రాసినాను. రాసింది నేను. ఈ పిల్లల్ని పరీట్చ ముందు రాత్రి మేలుకోబెట్టకండి. జెబం పగలు పెట్టుకోండి."

జెబమలర్ మైకు లాక్కుంది. లాక్కునే తొందరలో అది కీచుమంది.

నీడ ఉండే రోడ్డు సెల్లాయికి దక్కలేదు. ఎండ రోడ్డే, మిల్లు ముందర, చెట్టూ చేమా లేని రోడ్డు. వీధిలో సగం ఇళ్ళు ఇప్పటికీ జోతిమణితో మాట్లాడవు. ఆమె ఐటీఐకి దరఖాస్తు పెట్టింది. ఫారం ఇచ్చే గుమస్తా ఆడపిల్లకి ఎలక్ట్రీషియన్ ఏంటికి, కుట్టు కోర్సు తీసుకో అన్నాడు. వాడితో కూడా పోట్లాడింది. ఇంటికొచ్చి, తొమ్మిదికి టీవీ ఆపి, అన్న అరుస్తుండగానే పడుకుంది.